"రావట్లేదు" అని నాలుగోసారి మెసేజ్ వచ్చింది... ఇప్పుడేం రాయాలి?

చాట్ సపోర్ట్‌లో ఓపిక అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది "దయచేసి" అనే మాట. అదొక్కటి చేరిస్తే మర్యాదగా ఉన్నట్టే అనుకుంటారు. ఇది విన్నప్పుడల్లా నాకు చిరాకేస్తుంది, అందుకే ఈ వీడియో.

ఈ చాట్ చూడండి.

యూజర్: రావట్లేదు
సపోర్ట్: దయచేసి మీ సమస్యను వివరంగా తెలియజేయగలరు.
యూజర్: అదే
యూజర్: రావట్లేదు మళ్ళీ
సపోర్ట్: దయచేసి పూర్తి వివరాలు తెలియజేయగలరు.
యూజర్: ??

సపోర్ట్ వాళ్ళు ఒక్క కటువు మాట కూడా అనలేదు. అయినా ఆ రెండో జవాబు చదివిన మనిషికి "వీళ్ళు నా మెసేజ్ చూడనే లేదు" అనిపిస్తుంది, ఎందుకంటే దాదాపు అదే వాక్యం రెండుసార్లు వచ్చింది.

అసలు ఆయన ముక్కలు ముక్కలుగా ఎందుకు రాస్తున్నాడు? ఆయన దృష్టిలో అది పూర్తి మెసేజే. ఆగిపోయిన స్క్రీన్ ఆయన కళ్ళ ముందే ఉంది, మనకి కనపడదన్న సంగతి ఆ టెన్షన్‌లో తట్టదు. పైగా ఫోన్లో స్నేహితులతో మాట్లాడే అలవాటుకొద్దీ ఒకే వాక్యాన్ని నాలుగు మెసేజ్‌లుగా పంపిస్తాడు. మొదటి ముక్క రాగానే మనం ప్రశ్న వేస్తే, అది ఆయన రెండో ముక్కతో ఎదురుబొదురుగా తగులుతుంది. "అదే" అన్నది మన ప్రశ్నకి జవాబు కాకపోవచ్చు, ముందు నుంచి టైప్ చేస్తున్న వాక్యంలో మిగిలిన భాగం కావచ్చు. అందుకని టైపింగ్ చుక్కలు ఆడుతున్నంతసేపూ ఆగండి. మరీ ఆలస్యమైతే "చూస్తున్నానండి, రాయండి" అంటే చాలు.

ఆ ఖాళీలో ఆయన అకౌంట్ తెరిచి చూడండి. మన ఉదాహరణలో ఆయన ఇప్పుడే వరుసగా మూడుసార్లు లాగిన్ కోడ్ అడిగినట్టు కనిపించిందనుకుందాం. ఇక "వివరంగా చెప్పండి" అనే అవసరమే లేదు. ఏ వివరం కావాలో తెలియని మనిషిని వివరాలు అడిగితే మళ్ళీ "రావట్లేదు" అనే అంటాడు. దాని బదులు, ఒక్క మాటలో జవాబివ్వగలిగే ప్రశ్న వేయండి:

"లాగిన్ కోడ్ గురించేనా అండీ? మెసేజే రావట్లేదా, వచ్చినా యాప్ తీసుకోవట్లేదా?"

దానికి ఆయన: "వచ్చింది", ఆ వెంటనే "రావట్లేదు".

సరిగ్గా ఇక్కడే చాలామంది "వచ్చిందా, రాలేదా, సరిగ్గా చెప్పండి" అనేస్తారు. ఒక్క క్షణం ఆగి, రెండూ నిజమే అనుకుని చదవండి. కోడ్ వచ్చింది, కొట్టాక తర్వాతి పేజీ రావట్లేదు. ఊహ తప్పినా నష్టం లేదు, అర్థమైనంతవరకు తిరిగి చెప్పి అక్కణ్ణుంచి అడిగితే తప్పుంటే ఆయనే దిద్దుతాడు:

"సరే, కోడ్ వచ్చింది. అది కొట్టాక స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది? ఒక్క ముక్క రాసినా చాలు."

జవాబు: "Invalid code".

అయిపోయింది! చాలా యాప్‌లలో కొత్త కోడ్ అడగగానే పాతది చెల్లదు. ఈయన కంగారులో Resend మళ్ళీ మళ్ళీ నొక్కాడు, మెసేజ్‌లు ఆలస్యంగా వస్తున్నాయి, ముందొచ్చిన కోడే కొడుతున్నాడు. "రెండు నిమిషాలు ఏదీ నొక్కకుండా ఆగండి. తర్వాత Resend ఒక్కసారే నొక్కి, ఆఖరుగా వచ్చిన కోడ్ మాత్రం కొట్టండి. ఆ కోడ్ నాకు పంపొద్దు, ఎవరికీ చెప్పొద్దు." ఆ చివరి మాట మర్చిపోకండి, కంగారులో ఉన్నవాళ్ళు కోడ్‌ని చాట్‌లోనే పెట్టేస్తారు.

రెడీమేడ్ జవాబులు వాడొద్దని నేను అనను. ఇలాంటి చేయాల్సిన పనుల జాబితాకి అవి బాగా పనికొస్తాయి. ప్రశ్నకి మాత్రం వాడకండి, ప్రశ్నలో ఆయన రాసిన మాట ఒకటైనా ఉండాలి. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము" ఒకే చాట్‌లో మూడుసార్లు కనపడితే అది క్షమాపణలా ఉండదు, తలుపు వేసినట్టు ఉంటుంది. ఇక మన చిరాకు బయటపడేది "ఇందాకే అడిగాను", "ముందే చెప్పాను కదా", "మళ్ళీ చెప్తున్నాను" అనే మాటల్లో. పంపేముందు అవి కొట్టేయండి, మిగిలిన వాక్యం దానంతటదే నిలబడుతుంది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తా. మూడు రకాలుగా అడిగినా కదలకపోతే స్క్రీన్‌షాట్ అడగండి, కోడ్, కార్డు నంబర్ కనపడకుండా తీయమనండి. అదీ కుదరకపోతే ఫోన్ చేయండి, రాయలేనివాళ్ళు చెప్పగలరు. ఒకే మనిషి నాలుగు టికెట్లు తెరిస్తే ఒకటిగా కలపండి. లోపలి నోట్‌లో "విసిగిస్తున్నాడు" అని కాకుండా "కోడ్ వస్తోంది, Invalid code అంటోంది, Resend ఆపమన్నాం" అని రాయండి. రేపు ఆయన "మళ్ళీ అదే" అంటూ వస్తే, వేరే షిఫ్ట్‌లో ఉన్నవాళ్ళు "ఆఖరుగా వచ్చిన కోడే కొట్టారా అండీ?" అని నేరుగా అక్కణ్ణుంచే మొదలుపెడతారు.