ప్యాకప్ నుంచి కాల్ దాకా: ఆ గంటలను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

"అన్నా, నేను లైట్ డిపార్ట్‌మెంట్‌లో పని చేస్తాను. షూటింగ్ దేవరకొండ అవతల ఒక ఊళ్లో, బస నల్లగొండలో. రాత్రి పదికి ప్యాకప్, పొద్దున సూర్యోదయం షాట్‌కు ఐదుకి మళ్లీ కాల్. అడిగితే విశ్రాంతికి ఏడు గంటలు దొరికాయి కదా అంటున్నారు. ఇలా ఇవ్వవచ్చా?"

ఇవ్వకూడదు తమ్ముడూ. అసలు ఆ ఏడు గంటల్లో మీ చేతికి వచ్చినవి రెండు గంటలు కూడా ఉండవు. ఎలాగో గడియారం పెట్టుకుని చూద్దాం. మీరు చెప్పిన వేళలు అలాగే ఉంచుతాను. మిగతావి ఇలాంటి షూటింగుల్లో మామూలుగా పట్టే సమయాలు. మీ దగ్గర పది నిమిషాలు అటూ ఇటూ అయినా ఫలితం మారదు.

పదికి డైరెక్టర్ ప్యాకప్ అన్నారు. పదీ పదికల్లా నటీనటుల కార్లు వెళ్లిపోయాయి. కెమెరా వాళ్లు లెన్సులు పెట్టెల్లో సర్ది, కార్డుల్లో ఉన్న ఫుటేజీని హార్డ్ డిస్కులోకి ఎక్కించి, సరిచూసుకునేసరికి పావు తక్కువ పదకొండు. మీ పని అప్పటికి సగంలో ఉంటుంది. రాత్రి సన్నివేశానికి వాడిన పెద్ద లైట్లు ఆపగానే పెట్టెలో పెట్టలేరు, చల్లారే దాకా ఆగాలి. ఈలోగా పెరట్లో, మేడ మీద, చేను గట్టున పరిచిన కేబుల్ అంతా చీకట్లో చుట్టాలి, స్టాండ్లు లెక్కపెట్టుకోవాలి, అన్నీ యూనిట్ లారీకి ఎక్కించాలి. పదకొండుంబావుకు బండి కదిలితే తొందరగా కదిలినట్టే. కొండమల్లేపల్లి మీదుగా నల్లగొండకు ఆ బండిలో గంటన్నర వేసుకోండి. లాడ్జి ముందు దిగేసరికి పావు తక్కువ ఒంటి గంట. మొహం కడుక్కుని పడుకునేసరికి ఒంటిగంటుంబావు.

ఇక పొద్దున. ఐదు గంటల కాల్ అంటే ఐదుకల్లా లొకేషన్‌లో ఉండాలి. జనవరిలో ఇక్కడ సూర్యోదయం దాదాపు ఆరూ ముప్పావుకు. ఆ వెలుగు కోసం ఆరుంబావుకే అంతా సిద్ధం కావాలి కాబట్టి ఐదుకు పిలిచారు, అది తప్పని అనను. కానీ ఐదుకు అక్కడ ఉండాలంటే లాడ్జి దగ్గర బండి మూడున్నరకు బయలుదేరాలి, మీరు మూడుకు లేవాలి. ఒంటిగంటుంబావు నుంచి మూడు దాకా, అంటే గంటా ముప్పావు. మేనేజర్ కాగితం మీద ఏడు గంటలుగా కనిపిస్తున్నది మీ మంచం మీద గంటా ముప్పావు.

అందుకే విశ్రాంతిని ప్యాకప్ నుంచి కాల్ దాకా కొలవడం మొదటి తప్పు. చివరి మనిషి లాడ్జి దగ్గర బండి దిగిన క్షణం నుంచి, మర్నాడు మొదటి మనిషి బండి ఎక్కే క్షణం దాకా కొలవాలి. బస పక్క వీధిలోనే ఉంటే రెండు లెక్కలకూ పెద్ద తేడా రాదు. జిల్లాల్లో షూటింగ్ అంటే బస ఒకచోట, లొకేషన్ ఇంకోచోట. రానుపోను మూడు గంటలూ, సర్దుకునే గంటా పావూ ఎవరి ఖాతాలోంచి పోతున్నాయో చూడండి. నిర్మాత గంటల్లోంచి కాదు, మీ నిద్రలోంచే పోతున్నాయి.

మీ కంటే తక్కువ నిద్రపోయే మనిషి ఒకరున్నారు. ఆయన గురించి మీరు అడగలేదు, నేను మాత్రం ఆయన దగ్గరే ఆగుతాను: బండి డ్రైవర్. అందరికంటే ముందు లేచేదీ, అందరినీ దించాక బండి పెట్టుకుని పడుకునేదీ ఆయనే. మొదటి రోజు కాల్ ఆరుకు అనుకుందాం. నాలుగున్నరకు బండి తీయాలంటే ఆయన నాలుగుకు లేచాడు. రాత్రి పదకొండుంబావుకు మిమ్మల్ని ఎక్కించుకుని స్టీరింగ్ పట్టేసరికి ఆయన మేలుకుని పంతొమ్మిది గంటలు దాటింది.

నిద్ర లేమి మీద 1990ల చివర్లో ఆస్ట్రేలియాలో చేసిన ప్రయోగాలు పేరున్నవి. పదిహేడు గంటలు వరుసగా మేలుకున్న మనిషి చేతికీ కంటికీ మధ్య పొందిక, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని వాటిలో తేలింది. మన మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే, అంటే 0.03 శాతం దాటితే, తాగి నడిపినట్టే. ఒక్క చుక్క ముట్టని డ్రైవర్, తాగి పట్టుబడే హద్దులో ఉన్నవాడి కంటే మందకొడిగా ఉన్న స్థితిలో ఇరవై మందిని ఇంటికి చేరుస్తున్నాడు. ఊదిస్తే మిషన్ ఏమీ చూపదు.

పగలు బండిలో కునుకు తీశాడు కదా అంటారు. ఎప్పుడు తీశాడు? జనరేటర్‌కు డీజిల్ అయిపోతే దేవరకొండ వెళ్లింది ఆయనే. నల్లగొండ నుంచి జూనియర్ ఆర్టిస్టులను తెచ్చింది ఆయనే. మధ్యలో సీటు వెనక్కి వాల్చి పడుకున్న ఇరవై నిమిషాలు ఆ పూటకు పనికొస్తాయి కానీ రాత్రి నిద్రకు బదులు కావు. వేసవిలో ఇదే వాదన యూనిట్ అందరి మీదా ప్రయోగిస్తారు. ఎండకు పదకొండు నుంచి మూడు దాకా షూటింగ్ ఆపి, ఆ నాలుగు గంటలను విశ్రాంతిగా రాసుకుంటారు. చెట్టు కింద కుర్చీలో, సామాన్లకు కాపలా కాస్తూ, ఎప్పుడు పిలుస్తారో తెలియకుండా కూర్చోవడం డ్యూటీయే.

ఆ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు కన్ను మూతపడితే బండి 50 మీటర్లు ఎవరూ నడపకుండానే పోతుంది. ఎదురుగా వెనక లైటు లేని పత్తి ట్రాక్టర్ ఉంటే ఆ 50 మీటర్లే ఎక్కువ. డ్రైవర్ పక్క సీట్లో కూర్చునే వాళ్లు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. తెలిసిన మలుపు దాటి వెళ్లిపోవడం, అడిగిందే మళ్లీ అడగడం, చక్రం రోడ్డు అంచు దిగి మళ్లీ ఎక్కడం, వేగం కారణం లేకుండా తగ్గుతూ పెరుగుతూ ఉండడం. వీటిలో ఒక్కటి కనిపించినా బండి ఆపించండి. అద్దం దించడం, పాటలు పెట్టడం నిద్రను ఆపవు. టీ తాగితే అది పని చేయడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. కాబట్టి టీ తాగించి, అక్కడే ఇరవై నిమిషాలు పడుకోనివ్వండి.

మరి ఎన్ని గంటలు ఉండాలి? యూరప్‌లో కార్మికులకు రోజుకు వరుసగా 11 గంటల విశ్రాంతి సాధారణ నియమం. అమెరికా సినిమా కార్మికులు 2021లో సమ్మె అంచు దాకా వెళ్లి 10 గంటలు సాధించుకున్నారు. మన దగ్గర 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ఒక రోజు డ్యూటీ ముగిసినప్పటి నుంచి మర్నాటి డ్యూటీ దాకా కనీసం 9 గంటల వరుస విశ్రాంతి ఉండాలని రాసింది. నా మాట ఇది: డ్రైవర్ రాత్రి తాళం చెవి అప్పగించినప్పటి నుంచి మర్నాడు తిరిగి తీసుకునే దాకా ఆయనకు 9కి తగ్గకూడదు, మిగతా అందరికీ లాడ్జి నుంచి లాడ్జికి 10 ఉండాలి.

మీ లెక్కకు డ్రైవర్ 9 గంటలు మాత్రమే కలిపి చూడండి. పావు తక్కువ ఒంటి గంటకు చేరిన బండి మళ్లీ కదలాల్సింది పావు తక్కువ పదికి. లొకేషన్‌లో కాల్ పదకొండుంబావు. సూర్యోదయం పోయింది. అంటే తప్పు ఐదు గంటల కాల్‌లో లేదు, రాత్రి సన్నివేశం తర్వాతి పొద్దునే సూర్యోదయం పెట్టిన షెడ్యూల్‌లో ఉంది.

ఆ రెండింటినీ తారుమారు చేయండి. మొదటి రోజు సూర్యోదయం. ఐదుకు కాల్, మధ్యాహ్నం మూడుకు ప్యాకప్, నాలుగుకు బండి కదిలి ఐదున్నరకు లాడ్జి. రెండో రోజు రాత్రి సన్నివేశం. మధ్యాహ్నం రెండుకు కాల్, బండి పన్నెండున్నరకు. అర్ధరాత్రి ప్యాకప్ అయినా మధ్యలో అందరికీ పంతొమ్మిది గంటలు దొరికాయి. ఈ పద్ధతిలో నిర్మాతకు చిక్కేది రెండు రోజులకూ కలిపి ఇరవై గంటలు. మీ పాత షెడ్యూల్‌లో అంతకంటే ఎక్కువ గంటలు లాగేవారు, అది నిజమే. మూడో రోజు సగం అవసరం పడవచ్చు కూడా. ఆ ఖర్చు దాచి మాట్లాడితే మేనేజర్ మిమ్మల్ని నమ్మడు, కాబట్టి మీరే ముందు చెప్పండి.

సూర్యోదయం ఆ రోజుకే తప్పదంటే ఇంకో దారి ఉంది. ఆ షాట్‌కు సూర్యుడే లైటు, మీ లారీ అవసరం లేదు. కెమెరామ్యాన్, ఇద్దరు అసిస్టెంట్లు, నటి, మేకప్ మనిషి, వేరే డ్రైవర్ చాలు. వాళ్లను ముందు రోజు సాయంత్రం ఆరుకే వదిలి, దేవరకొండలోనే ఒక రాత్రి బస ఇవ్వాలి. నటి, కెమెరామ్యాన్ రాత్రి సన్నివేశంలోనూ ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే. మిగతా యూనిట్‌కు పన్నెండుంబావు కాల్. అందరికీ ఒకే కాల్ ఇవ్వడం కాగితం రాసేవారికి సులువు, అంతకు మించి ప్రయోజనం లేదు.

చివరిగా బేటా, అంటే రోజువారీ భత్యం సంగతి. అదనపు గంటలకు ఎక్కువ బేటా వస్తుంది కాబట్టి మనవాళ్లే సరే అంటారు. పిల్లల ఫీజులున్న మనిషిని నేను తప్పు పట్టను. కానీ ఆ డబ్బు ఎక్కువ పని చేసినందుకు ఇచ్చేది. విశ్రాంతి కోత పడితే దానికి వేరే లెక్క ఉండాలి. పది గంటల లోపల పిలిచిన ప్రతి గంటకూ రెట్టింపు అని ముందే మాట్లాడుకోండి. అప్పుడు షెడ్యూల్ వేసేవారికి ఆ గంట ధర కనిపిస్తుంది.

అడగడం ఎప్పుడన్నది ముఖ్యం. ప్యాకప్ అయ్యాక అడిగితే మర్నాటి కాల్ గ్రూపులోకి వెళ్లిపోయి ఉంటుంది. సాయంత్రం నాలుగులోపు, కో-డైరెక్టర్‌కూ ప్రొడక్షన్ మేనేజర్‌కూ కలిపి, మీ చీఫ్ ద్వారా ఈ మెసేజ్ పంపించండి: "సార్, ఈ రోజు ప్యాకప్ పదికి అయితే లైట్ బండి లాడ్జికి చేరేది 12:45కి. డ్రైవర్‌కు 9, మిగతా అందరికీ 10 గంటలు ఇస్తే బండి మళ్లీ కదిలేది 10:45కి. రేపు ఐదు గంటల కాల్ కావాలంటే ఈ రోజు బండి సాయంత్రం 5:30 లోపు లాడ్జికి చేరాలి, లేదా రేపటికి వేరే బండి, వేరే డ్రైవర్, విశ్రాంతి తీసుకున్న వేరే మనుషులు కావాలి. ఏది చేద్దామో చెప్పండి."