పిల్ వేసుకునేవాళ్లకు బి విటమిన్లు విడిగా కావాలా?

అందరికీ నమస్కారం.

గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పిల్ ఒంట్లో విటమిన్లు లాగేస్తుందట కదా, బి-కాంప్లెక్స్ కూడా వేసుకోవాలా?" ముందే నా జవాబు చెప్పేస్తాను. పిల్ వేసుకుంటున్నారన్న ఒక్క కారణంతో చాలామందికి బి-కాంప్లెక్స్ అక్కర్లేదు. ఫోలిక్ యాసిడ్ విషయం వేరు. అది కావాలి, కానీ జనం అనుకునే కారణానికి కాదు. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా గురించే ఇవాళ మాట్లాడతాను.

ఈ భయం ఊరికే పుట్టలేదు. 1960లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి పిల్‌లో 150 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్ ఉండేది. ఇవాళ ఎక్కువమంది వాడే మాత్రల్లో 20 నుంచి 35 మైక్రోగ్రాములే. అప్పట్లో వాడింది వేరే రకం ఈస్ట్రోజెన్ కాబట్టి అంకెకు అంకె పోల్చలేం గానీ, అది చాలా పెద్ద మోతాదన్నది మాత్రం నిజం. ఆ కాలం మాత్రలు వాడిన స్త్రీల రక్తంలో ఫోలేట్ అనే బి విటమిన్, అంటే టాబ్లెట్లలో ఫోలిక్ యాసిడ్ రూపంలో ఉండేది, దాంతో పాటు బి6, బి12 తగ్గినట్టు 1960ల చివర్లో, 70ల్లో వరుసగా పరిశోధనలు వచ్చాయి. తర్వాత మాత్రలో మందు తగ్గింది. "పిల్ విటమిన్లు లాగేస్తుంది" అన్న మాట మాత్రం తగ్గలేదు. సప్లిమెంట్లు అమ్మేవాళ్లకు అది బాగా పనికొచ్చే మాట మరి.

అలాగని ఇప్పటి మాత్రలతో ఏ మార్పూ ఉండదని కాదు. మార్పు కనిపిస్తుంది. దాన్ని ఎలా చదవాలన్నదే అసలు సంగతి. బి12 రిపోర్ట్ తీసుకుని చూద్దాం.

28 ఏళ్ల అమ్మాయి అనుకోండి. మూడేళ్లుగా పిల్ వాడుతోంది. ఈ మధ్య నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయించుకుంది. బి12 అంకె 180 వచ్చింది. చాలా ల్యాబుల్లో 200 పికోగ్రాముల కంటే తక్కువైతే లోపం అని రాస్తారు కాబట్టి, రిపోర్ట్‌లో అది ఎర్రగా కనిపిస్తుంది. ఆమెకు టెన్షన్ మొదలవుతుంది. నెట్‌లో వెతికితే పిల్ వల్లేనని వస్తుంది. ఇక పిల్ మానేయాలా, ఇంజెక్షన్లు వేయించుకోవాలా?

రక్తంలో బి12 ఒంటరిగా తిరగదు. దాన్ని రెండు రకాల ప్రొటీన్లు మోస్తాయి. సుమారు 80 శాతం బి12ని మోసే ప్రొటీన్ పేరు హాప్టోకొరిన్. దాని మీదున్న బి12 శరీర కణాలకు పెద్దగా అందదు. మిగతా భాగాన్ని ట్రాన్స్‌కోబాలమిన్ అనే ఇంకో ప్రొటీన్ మోస్తుంది, కణాలు తీసుకునేది ఈ భాగాన్నే. పిల్ వాడేవాళ్లలో తగ్గేది ప్రధానంగా మొదటి ప్రొటీన్. గోడౌన్‌లో సరుకు తగ్గింది గానీ, దుకాణానికి వచ్చే సరుకు తగ్గలేదన్నమాట. మామూలు బి12 పరీక్ష ఈ రెండింటినీ కలిపి లెక్కపెడుతుంది. అందుకే లోపం లేకపోయినా అంకె తక్కువగా రావచ్చు.

మరి నిజమైన లోపాన్ని పట్టుకునేదెలా? మిథైల్ మెలోనిక్ యాసిడ్ అనే పరీక్ష ఉంది, ఎమ్ఎమ్ఏ అంటారు. కణాలకు బి12 చాలకపోతే ఈ పదార్థం రక్తంలో పేరుకుపోతుంది. పిల్ వల్ల బి12 అంకె మాత్రమే తగ్గినవాళ్లలో ఇది సాధారణంగా మామూలుగానే ఉంటుంది. మన ఉదాహరణలోని అమ్మాయికి ఎమ్ఎమ్ఏ మామూలుగా ఉండి, ఎర్ర రక్తకణాల సైజు పెరగక, చేతులూ కాళ్లూ తిమ్మిర్లెక్కకపోతే ఆ 180 చూసి కంగారు పడనక్కర్లేదు. నీరసానికి వేరే కారణం వెతకాలి. థైరాయిడ్, ఐరన్, నిద్ర, ఇలా చూసుకుంటూ పోవాలి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. అదే అమ్మాయికి పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ సమస్య ఉండి, పిల్‌తో పాటు షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ మందు కూడా వాడుతోందనుకోండి. ఈ రెండు మందులూ కలిసి వాడేవాళ్లు చాలామందే ఉంటారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగుల్లో బి12 పీల్చుకోవడం నిజంగానే తగ్గుతుంది. అది అంకెల గారడీ కాదు, అసలు లోపమే. మాంసం, గుడ్లు, పాలు ఏవీ తీసుకోనివాళ్లకూ అంతే. ఇలాంటివాళ్లకు బి12 తక్కువగా వస్తే, "ఆ, పిల్ వల్లేలే" అని కొట్టిపారేయడం ప్రమాదం. నరాలు దెబ్బతింటే పూర్తిగా కోలుకోకపోవచ్చు కూడా. కాబట్టి డాక్టర్ దగ్గరికి రిపోర్ట్ తీసుకెళ్లేటప్పుడు మీరు వాడే మందులన్నీ చెప్పండి. పిల్‌ని మందుల లెక్కలో వేసుకోక చెప్పనివాళ్లు ఎందరో!

బి6 గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. దాని స్థాయి కొంత తగ్గడం నిజమే. 1973లో ఒక చిన్న అధ్యయనం జరిగింది. పిల్ వాడుతూ డిప్రెషన్‌తో బాధపడుతున్న 22 మందికి బి6 ఇచ్చి చూశారు. పరీక్షల్లో నిజంగా బి6 లోపం కనిపించిన 11 మందికి గుణం కనిపించింది, మిగతావాళ్లకు లేదు. అది కూడా ఎక్కువ హార్మోన్ ఉన్న మాత్రల కాలం. దీన్ని పట్టుకుని పిల్ వాడే ప్రతివాళ్లూ బి6 మింగాలనడం కుదరదు. మనసు బాగోకపోతే డాక్టర్‌కి చెప్పి పిల్ రకం మార్చుకోవడమో, వేరే పద్ధతికి వెళ్లడమో చేయాలి.

పైగా బి6 ఎక్కువైతే నరాలకు హాని. నీళ్లలో కరిగే విటమిన్ కదా, ఎక్కువైనా మూత్రంలో పోతుందిలే అనుకుంటారు. అంతా అలా పోదు. పెద్దవాళ్లకు రోజుకు కావలసింది 1.3 మిల్లీగ్రాములు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో రోజుకు 12 మిల్లీగ్రాములు దాటొద్దని చెప్పింది. అమెరికాలో పెట్టుకున్న పరిమితి 100. పరిమితుల మీద ఇంత తేడా ఉన్నప్పుడు నేనైతే చిన్న అంకె వైపే ఉంటాను. ఒకే టాబ్లెట్‌లో పదుల మిల్లీగ్రాముల బి6 ఉండే సప్లిమెంట్లు మామూలుగానే దొరుకుతాయి. నెలల తరబడి వేసుకుంటూ పాదాల్లో సూదులు గుచ్చినట్టు, మొద్దుబారినట్టు అనిపిస్తే, దాన్ని విటమిన్ లోపం అనుకుని మోతాదు పెంచేవాళ్లున్నారు. చేయాల్సింది దానికి పూర్తిగా ఉల్టా. ఆపేసి డాక్టర్‌కి చూపించుకోవాలి.

ఇక ఫోలేట్. పిల్ వాడేవాళ్లలో ఫోలేట్ స్థాయి సగటున కాస్త తక్కువగా ఉంటుందని పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన విశ్లేషణలు కూడా చెబుతున్నాయి. ఆకుకూరలు, పప్పులు బాగా తినే మనిషికి ఆ తగ్గుదల వల్ల రక్తహీనత వచ్చేంత పరిస్థితి అరుదు. పిల్ వాడుతున్నంత కాలం సమస్య పెద్దది కాదు. పిల్ ఆపాకే అసలు సంగతి మొదలవుతుంది.

బిడ్డ మెదడుగా, వెన్నుపాముగా మారే నాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుపోతుంది. అంటే నెలసరి తప్పి రెండు వారాలు అయ్యేసరికి ఆ పని ముగిసిపోయి ఉంటుంది. చాలామంది అప్పటికి టెస్ట్ కూడా చేసుకోరు. ఆ నాళం సరిగా మూసుకోవడానికి తల్లి ఒంట్లో ఫోలేట్ ముందే నిండి ఉండాలి. గర్భం అని తెలిసిన రోజు టాబ్లెట్ మొదలుపెడితే ఈ ఒక్క పనికి ఆలస్యమైపోయినట్టే. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది, తయారయ్యేటప్పుడే ఫోలేట్‌ని నింపుకుంటుంది. అందుకే కణాల్లో నిల్వ పెరగడానికి వారాలు, నెలలు పడుతుంది.

పిల్ ఆపితే అండం విడుదల కావడానికి నెలల తరబడి ఆగాలని కొందరు నమ్ముతారు. ఆపిన మొదటి నెలలోనే గర్భం రావచ్చు. పైగా పిల్ వాడుతున్నా, మాత్రలు మర్చిపోవడం లాంటివన్నీ కలుపుకుంటే ఏడాదికి 100 మందిలో సుమారు ఏడుగురికి గర్భం వస్తుంది. అందుకే 2010లో అమెరికాలో ఫోలేట్ కలిపిన పిల్‌కి అనుమతి ఇచ్చారు. ఒక్కో మాత్రలో 451 మైక్రోగ్రాముల లెవోమెఫోలేట్ కాల్షియం ఉంటుంది. మీరు వాడేది అలాంటిదైతే విడిగా ఫోలిక్ యాసిడ్ కావాలో వద్దో డాక్టర్‌ని అడిగాకే కలపండి.

మామూలు పిల్ వాడేవాళ్లకు లెక్క ఇది. గర్భం వచ్చే అవకాశం ఉన్న ఏ స్త్రీకైనా రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మంచిదని వైద్య సంస్థలు చెబుతాయి. పిల్ వాడుతున్నారా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఈ ఏడాదిలో పిల్లల కోసం పిల్ ఆపాలనుకుంటే, ఆపడానికి రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టి, గర్భం వచ్చాక మొదటి 12 వారాలు కొనసాగించాలి. ఇప్పట్లో ఆ ఆలోచనే లేదు, మాత్ర ఒక్కరోజు కూడా తప్పదు, తిండి బాగుంది అంటే, మీకు దీనివల్ల వచ్చే లాభం చిన్నది.

కొనేటప్పుడు స్ట్రిప్ వెనక చదవండి. 400 మైక్రోగ్రాములంటే 0.4 మిల్లీగ్రాములు. ఫోలిక్ యాసిడ్ అని అడిగితే చేతిలో పెట్టేది 5 మిల్లీగ్రాముల టాబ్లెట్ కావచ్చు. అది పన్నెండు రెట్ల కంటే ఎక్కువ. ఆ పెద్ద మోతాదు కొందరికి నిజంగా అవసరమే. ఇంతకుముందు గర్భంలో బిడ్డకు వెన్నుపాము లోపం వచ్చినవాళ్లు, కొన్ని రకాల మూర్ఛ మందులు వాడేవాళ్లు ఆ కోవలోకి వస్తారు. 1991లో బ్రిటన్ నేతృత్వంలో జరిగిన పెద్ద పరీక్షలో, ఒకసారి అలా జరిగిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే మళ్లీ జరిగే ముప్పు 72 శాతం తగ్గింది. అది డాక్టర్ రాసి ఇచ్చే మోతాదు. మామూలు మనిషి సొంతంగా ఏళ్ల తరబడి అంత వేసుకుంటే, అడుగున ఉన్న బి12 లోపం వల్ల వచ్చే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపించి, నరాల నష్టం మాత్రం లోలోపల సాగిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ వాడే ఆ అమ్మాయికి ఇది మరీ ముఖ్యం. ఆమె పిల్లల కోసం పిల్ ఆపాలనుకున్నప్పుడు ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టే ముందే బి12, ఎమ్ఎమ్ఏ పరీక్షలు చేయించుకుని, లోపం ఉంటే దాన్ని కూడా అప్పుడే సరిచేయించుకోవాలి.

ఇంక మీ ప్రశ్నలు అడగండి.