చెరుకు బిల్లు: కాటా దగ్గర్నుంచి ఖాతా దాకా

(విజయనగరం జిల్లా రేగిడి ఆమదాలవలస మండలంలో చెరుకు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అన్నదమ్ములకు, ఇంటి లెక్కలు చూసుకునే అక్కచెల్లెళ్లకు నమస్కారం.

నన్ను చెరుకు సాగు గురించి మాట్లాడమని పిలవలేదు. సాగు మీకంటే నాకు ఎక్కువ తెలియదు. బ్యాంకులో అకౌంట్లు చూసి రిటైర్ అయిన వాణ్ణి కాబట్టి బిల్లు చదవడం గురించి చెప్పమన్నారు. ఆ ఒక్కటే చెబుతాను.

ఖాతాలో డబ్బు పడగానే మనవాళ్లు అడిగే మొదటి మాట "మొత్తం ఎంత పడింది?" అని. పక్కవాడికి లక్ష పడి మనకి ఎనభై వేలు పడితే మోసం జరిగిందనుకుంటాం. ఆ మొత్తాన్ని చూసి ఏమీ తేల్చలేం. బిల్లులో తేల్చాల్సినవి మూడే: ఎన్ని టన్నులు, టన్నుకి ఎంత, టన్నుకి ఎంత పట్టుకున్నారు. ఈ మూడూ విడివిడిగా సరిపోతే మొత్తం దానంతటదే సరిపోతుంది.

ముందు ధర సంగతి. ఫ్యాక్టరీ రైతుకి ఇవ్వాల్సిన కనీస ధరగా కేంద్రం ఏటా ప్రకటించే ఎఫ్.ఆర్.పి. 2025-26 సీజనుకి క్వింటాలుకి 355 రూపాయలు, అంటే టన్నుకి 3,550. పేపర్లో వచ్చేది ఈ అంకే. అయితే అది 10.25 శాతం రికవరీకి కట్టిన ధర. రికవరీ అంటే వంద కిలోల చెరుకు ఆడితే వచ్చిన పంచదార. ఫ్యాక్టరీ రికవరీ అంతకంటే పెరిగితే ప్రతి 0.1 శాతానికి క్వింటాలుకి 3 రూపాయల 46 పైసలు కలుస్తాయి, తగ్గితే అంతే పోతాయి. కిందికి మాత్రం ఒక హద్దు ఉంది. రికవరీ 9.5 శాతమైనా, దానికంటే తక్కువైనా క్వింటాలుకి 329 రూపాయల 5 పైసలు ఇవ్వాల్సిందే. టన్నుకి 3,290 రూపాయల 50 పైసలు. కాబట్టి 3,550 రాలేదని గొడవకి దిగే ముందు ఫ్యాక్టరీ రికవరీ ఎంత చూపించిందో అడగండి. ఇంకో మాట, ఆ రికవరీ మీ చెరుకుది కాదు, ఫ్యాక్టరీ మొత్తానికి కట్టిన సగటు. మీ తోట ఎంత తియ్యగా ఉన్నా మీకు విడిగా ధర రాదు. ఇది న్యాయమా అంటే నా లెక్కలో కాదు, కానీ పద్ధతి అదే.

ఈ ధర ఎక్కడ ఇచ్చేది? ఫ్యాక్టరీ గేటు దగ్గర. చాలామంది పొలం గట్టు మీదే 3,290 వస్తుందనుకుంటారు. చెరుకు గేటు దాకా చేరాలంటే కోతకీ, లోడింగుకీ, లారీకీ ఎవరో ఒకరు ఖర్చు పెట్టుకోవాలి. మీరే గ్యాంగుని పెట్టుకుని, మీరే బండి కట్టించుకుని తోలితే ఆ ఖర్చు మీ చేతిలోంచి పోతుంది, బిల్లులో కనిపించదు. ఫ్యాక్టరీ వాళ్లు గ్యాంగుని పంపి, లారీ పంపితే అదే ఖర్చు బిల్లులో తగ్గింపుగా కనిపిస్తుంది. చూడ్డానికి మొదటివాడి బిల్లు పెద్దది, రెండోవాడి బిల్లు చిన్నది. నిజానికి మిగిలేది ఇద్దరికీ ఒకటే కావచ్చు. పక్కవాడి బిల్లుతో పోల్చే ముందు అతను ఏ పద్ధతిలో తోలాడో కనుక్కోండి.

ఇప్పుడు ఒక బిల్లు తీసుకుందాం. రేట్లు లెక్క కోసం నేను అనుకున్నవి, మీ దగ్గర వేరేగా ఉండొచ్చు. ఎకరా ఇరవై సెంట్ల మొక్క తోట, మూడు లోడులు. మొదటి లారీ నిండుగా 18.640 టన్నులు తూగింది, ఖాళీ బండి 6.120, చెరుకు 12.520. రెండో లోడు అదే బండి, నిండుగా 18.980, ఖాళీ 6.120, చెరుకు 12.860. మూడోది వేరే బండి, నిండుగా 17.240, ఖాళీ 6.100, చెరుకు 11.140. మూడూ కలిపితే 36.520 టన్నులు. ఎకరాకి ముప్పై టన్నులు దాటింది, మంచి పంటే.

ఫ్యాక్టరీ రికవరీ 9.5 లోపు అనుకుని 3,290.50తో గుణిస్తే 1,20,169 రూపాయలు. కోత, ఆకు రాల్చడం, మోపు కట్టడం, లోడింగ్ అన్నీ కలిపి టన్నుకి 800 చొప్పున 29,216 రూపాయలు. రవాణా టన్నుకి 240 చొప్పున 8,765. రెండూ తీసేస్తే 82,188 రూపాయలు చేతికి. దాన్ని టన్నులతో భాగించండి, 2,250 రూపాయల 50 పైసలు వస్తుంది. ఈ అంకెని బిల్లు వెనక రాసుకోండి. టన్నుకి 3,290.50 లోంచి 1,040 పోతే 2,250.50 రావాలి, వచ్చింది. అంటే బిల్లు కూడికలో తప్పు లేదు. రాకపోతే తప్పు పట్టుకున్న సొమ్ములోనో, టన్నుల్లోనో ఉంది, అప్పుడు వెతకాలి. పంట అప్పు, విత్తనం, ఎరువుల బాకీ కూడా అదే బిల్లులో పట్టుకుంటారు. అవి కోత కూలీ, రవాణా కావు, మీరు తీసుకున్న సొమ్ము. వాటిని ముందే పక్కన పెట్టి ఈ లెక్క చెయ్యండి, లేకపోతే రెండూ కలిసిపోయి ఏదీ తెలీదు.

మరి ఎక్కడ తేడా వస్తుంది? నేను చూసిన బిల్లుల్లో తప్పులు ఎక్కువగా రవాణా దగ్గర దొరికాయి. రవాణా రేటు కిలోమీటర్ల మెట్లుగా ఉంటుంది. ఊరి పేరు మీద దూరం వేస్తారు, మీ పొలం ఊరికి ఇవతల రోడ్డు పక్కనే ఉన్నా సరే. మన బిల్లులో 240 మెట్టుకి బదులు 300 మెట్టు వేస్తే టన్నుకి 60 చొప్పున 2,191 రూపాయలు తగ్గుతాయి. అది బిల్లులో తప్పులా కనిపించదు, ఎందుకంటే గుణకారం సరిగ్గానే ఉంటుంది. రేటే తప్పు. ఇంకోటి కనీస లోడు. లారీకి పన్నెండు టన్నులకి తక్కువ ఎక్కితే పన్నెండుకే బాడుగ కడతారనే షరతు ఉందనుకోండి, మన మూడో లోడు 11.140 కాబట్టి 860 కిలోలకి ఊరికే 206 రూపాయలు పోతాయి. చివరి లోడు ఎప్పుడూ ఇలాగే చిన్నగా మిగులుతుంది. పక్క రైతు చెరుకుతో కలిపి నింపుకుంటే ఆ నష్టం ఉండదు, కాకపోతే ఎవరి చెరుకు ఎంతో కాటా దగ్గర తేల్చుకునే దారి ముందే చూసుకోవాలి. లేకపోతే ఆ రెండొందలకి స్నేహం పోతుంది.

కోత కూలీలో తేడా ఇంకో రకం. మేస్త్రీ తోటలోకి దిగేటప్పుడు అడ్వాన్సు అడుగుతాడు, మీరు ఐదు వేలు చేతిలో పెడతారు. బిల్లులో ఫ్యాక్టరీ 29,216 మొత్తం పట్టుకుంటుంది, ఎందుకంటే మీరిచ్చిన ఐదు వేలు వాళ్ల పుస్తకంలో లేవు. అంటే ఒకే కోతకి రెండుసార్లు కట్టారన్నమాట. ఆ డబ్బు ఇచ్చినప్పుడే ఫ్యాక్టరీ ఫీల్డ్‌మ్యాన్‌కి చెప్పి కాగితం మీద రాయించాలి. గాలివానకి తోట పడిపోతే గ్యాంగు అదనం అడుగుతుంది, అది న్యాయమే. పడిన చెరుకు కొయ్యడం కష్టం. పలచగా ఉన్న పిలక తోటకి కూడా ఎక్కువే అడుగుతారు, ఎందుకంటే రోజంతా తిరిగినా టన్నులు రావు. ఈ అదనం నోటిమాట మీద నడుస్తుంది కాబట్టి టన్నుకి ఎంత అని పని మొదలుపెట్టకముందే తెగ్గొట్టుకోండి. మొత్తానికి ఇంత అని మాట్లాడుకుంటే తరవాత లెక్క చూసుకోలేరు.

గ్యాంగు గురించి ఒక మాట చెప్పాలి, వాళ్లని తప్పు పట్టడానికి కాదు. వాళ్లకి కూలీ టన్ను మీద, మనకి ధర కూడా టన్ను మీద. ఇద్దరికీ ఒకటే అవసరం అనిపిస్తుంది. కానీ వంగి నేలకి ఆనించి కొయ్యడం కంటే పైన కొయ్యడం త్వరగా అవుతుంది, నడుము నొప్పి ఉండదు. చెరుకులో అడుగు కణుపుల్లోనే తీపి ఎక్కువ. మొదళ్లు పొలంలో మిగిలితే ఆ తూకం నష్టం మనది, గ్యాంగుకి పోయేది వాళ్లు పక్క వరుసలో తెచ్చుకుంటారు. మరోవైపు, ఆకు, మొవ్వు వదిలేస్తే లోడు బరువు పెరుగుతుంది కానీ ఫ్యాక్టరీ చెత్త పేరుతో తూకం తగ్గిస్తుంది. అలా తగ్గించినప్పుడు స్లిప్పు మీద ఎన్ని కిలోలు, ఎందుకని రాయమని అక్కడే అడగాలి. బండి ఖాళీ అయ్యాక అడిగితే చూపించడానికి చెత్త ఉండదు.

కాటా దగ్గర చూడాల్సింది ఖాళీ బండి బరువు. నిండు బరువు అందరూ చూస్తారు. ఖాళీ బరువుని పాత లెక్క నుంచి తీసుకుంటున్నారా, ప్రతిసారీ తూస్తున్నారా అన్నది చూడండి. మన రెండు లోడుల్లో ఒకే బండి 6.120 వచ్చింది. డీజిల్ ట్యాంకు నిండినా, తగ్గినా కొంచెం మారాలి కదా. ప్రతిసారీ అచ్చంగా అదే అంకె వస్తే అడిగే హక్కు మీకుంది. తేడా నూరు కిలోలైతే మూడొందల పైచిలుకు రూపాయలు. కాటాకి ఏటా తూనికలు, కొలతల శాఖ వాళ్ల తనిఖీ ముద్ర ఉండాలి. యార్డులో బండి ఎండలో నిలబడితే తూకం తగ్గుతుంది, అది పూర్తిగా మన నష్టమే. అందుకే ఫ్యాక్టరీ ఇచ్చే కటింగ్ ఆర్డర్ తేదీ చూసుకోకుండా ముందే కోసి పెట్టకండి.

ఇక డబ్బు ఎప్పుడు రావాలి? 1966 నాటి చెరుకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరుకు ఇచ్చిన 14 రోజుల్లో. దాటితే ఆలస్యమైన రోజులకి ఏడాదికి 15 శాతం వడ్డీ. మన 82,188 రూపాయలు 60 రోజులకి వచ్చిందనుకోండి, 14 పోగా 46 రోజులు ఆలస్యం, వడ్డీ సుమారు 1,550 అవుతుంది. లోడు లోడుకి తేదీ వేరు కాబట్టి లెక్క కూడా విడిగా వెయ్యాలి. ఒక మెలిక ఉంది. లిఖితపూర్వకంగా వేరే ఒప్పందం ఉంటే ఆ 14 రోజుల గడువు మారిపోవచ్చు. సీజను మొదట్లో మనం సంతకం పెట్టే కాగితంలో ఏం రాసి ఉందో చదివిన వాళ్లు చేయెత్తండి అంటే ఈ పందిట్లో ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు. ఆ కాగితం జెరాక్సు తెచ్చుకోండి, అది మీ హక్కు.

ఫిర్యాదు చెయ్యాల్సి వస్తే కాగితంతో వెళ్లండి. 2022లో మన మండలం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది కాబట్టి కలెక్టర్ గ్రీవెన్సుకి ఇప్పుడు విజయనగరమే వెళ్లాలి. ఇప్పటికీ పొరపాటున శ్రీకాకుళం బస్సెక్కే పెద్దలున్నారు. అర్జీకి కాటా స్లిప్పులు, బిల్లు, బ్యాంకు పాసుబుక్కు పేజీ జెరాక్సులు జతచెయ్యండి, అసిస్టెంట్ కేన్ కమిషనర్‌కి కూడా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి.

బిల్లులు తెచ్చినవాళ్లు భోజనాల తరవాత ఈ బల్ల దగ్గరికి రండి. టన్ను లెక్క కలిసి వేద్దాం. అన్ని లోడుల స్లిప్పులూ ఉన్నవాళ్లవి ముందు చూస్తాను.