బస్తా లేవకముందు ఎనిమిది ఫ్రేములు

(హనుమకొండలో యానిమేషన్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్తే. పొద్దున ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లొచ్చినవాళ్లు చేతులెత్తండి. సగం మందే. మిగతావాళ్లు రేపైనా వెళ్లండి. ముక్కుకు దస్తీ కట్టుకోండి, మిర్చి ఘాటుకు కెమెరా పట్టిన చెయ్యి ఒకచోట నిలవదు.

నేను పని నేర్చుకునే రోజుల్లో నాకిచ్చిన మొదటి షాట్, ఒకాయన నేలమీది 50 కిలోల బియ్యం బస్తా ఎత్తడం. పళ్లు బిగబట్టించాను, నుదుటిమీద చెమట పెట్టాను, చేతులు వణికించాను. మా సీనియర్ చూసి, "ఇండ్ల పత్తి నింపినవా ఏందిరా?" అన్నాడు.

మర్నాడు ఒక హమాలీ అన్న బస్తా ఎత్తుతుంటే వీడియో తీసి, ఫ్రేము వెనుక ఫ్రేము జరుపుతూ చూశాను. (ఫోన్ వీడియో ఎక్కువగా సెకనుకు 30 ఫ్రేములుంటుంది, మన షాట్ 24. ముందే మార్చుకోకపోతే లెక్కంతా తప్పుతుంది.) నా షాట్‌లో చేతులు ఏ ఫ్రేములో కదిలాయో బస్తా కూడా అదే ఫ్రేములో లేచింది. ఆయన దగ్గర అట్లా లేదు. ఆయన లాగడం మొదలుపెట్టాక కూడా బస్తా కొంతసేపు నేలమీదే ఉంది.

ఆ కొంతసేపట్లో ఏం జరిగిందో చెప్తాను. వంగి మూలలు పట్టుకున్నప్పుడు ఆయన మోచేతులు కాస్త వదులుగా ఉన్నాయి. ముందు నడుము రెండు మూడు అంగుళాలు లేచింది, చేతులు తాళ్లలాగా నిటారయ్యాయి. భుజాలు చెవులకు దూరంగా కిందికి జారాయి. గోనె మూలలు సాగాయి, బియ్యం మధ్యకు జరిగింది. అడుగుభాగం మాత్రం ఇంకా నేలనే అంటుకుని ఉంది. నా షాట్‌లో దీనికి ఎనిమిది ఫ్రేములిచ్చాను. అంటే సెకనులో మూడో వంతు. అదే అంకె వాడాలని కాదు, పత్తి బోరేనికైతే రెండు చాలు. సైజు చూస్తే బోరెమే పెద్దది, కానీ చూసేవాడికి బరువు తెలిసేది ఈ ఆలస్యంతోనే.

బస్తా నేల వదిలాక కూడా వెంటనే వేగం అందుకోదు. మొదటి నాలుగైదు ఫ్రేముల్లో రెండు మూడు సెంటీమీటర్లు కదిలితే చాలు. మోకాళ్లు, నడుము ముందు పోతాయి, భుజాలు వాటి వెనుక, తల అన్నిటికన్నా ఆఖరున. చేతులతో లాగించారా, బస్తా తేలిపోయినట్టే.

ఇంకొకటి, నిలకడ. మనిషి 65 కిలోలు, బస్తా 50. బస్తా మధ్యభాగం పాదాల మధ్య నుంచి 26 సెంటీమీటర్లు ముందుంటే, మనిషి బరువు మధ్యస్థానం 20 సెంటీమీటర్లు వెనక్కి పోవాలి. 50ని 26తో, 65ని 20తో గుణించి చూడండి, రెండూ 1300. అంత వెనక్కి వాలడం కష్టం కాబట్టే హమాలీలు బస్తాను కడుపుకు ఆనించుకుంటారు, వీపు మీదికి ఎక్కించుకుంటారు. మీ క్యారెక్టర్ నిటారుగా నిలబడి చేతులు చాచి బస్తా పట్టుకున్నాడంటే ముందుకు బోర్లా పడాల్సినవాడే. పక్కనుంచి చూసే కెమెరా పెట్టి, మనిషి, బస్తా రెండింటి బరువు కలిసే చోటు నుంచి కిందికో గీత గీయండి. ఆ గీత పాదాల బయట పడితే పోజు తప్పు.

ఇక పడేయడం. ఇక్కడ అందరూ చేసే తప్పు, బరువైనది కాబట్టి తొందరగా పడాలనుకోవడం. 50 కిలోల బస్తా అయినా ఇటుకైనా మీటరు ఎత్తు నుంచి పడటానికి దాదాపు 11 ఫ్రేములే పడుతుంది. అందులో మొదటి సగం సమయంలో పావు మీటరే దిగుతుంది, మిగతాదంతా రెండో సగంలోనే. వేగం పెంచితే బస్తా బరువెక్కదు, బొమ్మ బస్తాలా చిన్నదైపోతుంది. బరువు తెలిసేది తగిలాకే. బియ్యం బస్తా ఎగరదు. రెండు మూడు ఫ్రేముల్లో అడుగు పరుచుకుంటుంది, పైభాగం ఇంకో నాలుగు ఫ్రేములు కుంగుతుంది, అంతే. గోనె అంచునుంచి దుమ్ము లేపితే బాగుంటుంది, కానీ దుమ్ముతో తప్పు కప్పలేరు.

మనిషినీ మర్చిపోకండి. వెనక్కి వాలి నిలబడ్డ ఒంటి మీదినుంచి బరువు ఒక్కసారిగా పోయింది కదా. చెయ్యి వదిలిన మరుక్షణం భుజాలు పైకి లేస్తాయి, మడమ ఒక అడుగు వెనక్కి పడుతుంది. నా మొదటి షాట్‌లో ఆయన బస్తా పడేసి స్తంభంలా నిలబడ్డాడు. నాకు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గే.

ఇప్పుడు లైట్లు ఆపండి. ఇదే ఎత్తే షాట్, బస్తా లేయర్ దాచేసి మూడుసార్లు తిప్పుతాను. చూసి, ఆయన చేతుల్లో ఎన్ని కిలోలున్నాయో ఎవరి కాగితం మీద వాళ్లు రాయండి. పక్కవాడిది చూడొద్దు.