నేల మీద గడిచే గంటలు

శ్రోతలకు నమస్కారం.

చదువుకనో ఉద్యోగానికనో పిల్లలు పట్నానికో పరదేశానికో వెళ్ళిపోయాక ఊళ్ళో మిగిలిన పెద్దవాళ్ళ గురించి మాట్లాడితే డబ్బు మాట వస్తుంది, ఒంటరితనం మాట వస్తుంది. ఈ పూట వాటి జోలికి వెళ్ళను. ఒక్క విషయమే తీసుకుంటాను. ఇంట్లో ఒక్కరే ఉన్న మనిషి కింద పడితే, పడిన దగ్గర్నుంచి ఎవరో ఒకరు వచ్చేదాకా ఏం జరుగుతుంది? ఆ వ్యవధిని ఎలా తగ్గించుకోవచ్చు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రకారం 65 దాటినవాళ్ళలో ఏటా 28 నుంచి 35 శాతం మంది పడుతుంటారు. చాలాసార్లు ఎముక విరగదు. అయినా లేవలేరు. కుర్చీలోంచి లేవడం వేరు, నేల మీంచి లేవడం వేరు. నేల మీంచి లేవాలంటే తొడల బలం ఒక్కటే చాలదు, ఒళ్ళు పక్కకు తిప్పుకోవాలి, చేతుల మీద బరువు మోపాలి. నేల మీద కూర్చోవడం మానేసి ఏళ్ళయిన మనిషికి ఆ వరస గుర్తు కూడా ఉండదు. ఇంట్లో ఒక కొడుకో కోడలో ఉంటే రెండు నిమిషాల్లో లేపి కూర్చోబెడతారు, ఆ సంగతి అక్కడితో మర్చిపోతారు. ఎవరూ లేనప్పుడు అలా పడిపోవడమే గంటలకు సాగుతుంది.

ఒక పెద్దావిడ ఉందనుకుందాం. వయసు 76. కొడుకు పరదేశంలో ఉన్నాడు, రోజూ రాత్రి 9 గంటలకు ఫోన్ చేస్తాడు. ఆవిడ పడుకునే ముందు బీపీ మాత్ర, నిద్రమాత్ర వేసుకుంటుంది. రాత్రి 2 గంటలకు లేచింది, స్నానాలగది గుమ్మం దగ్గర కళ్ళు తిరిగి పడింది. ఫోన్ పక్క గదిలో చార్జింగులో ఉంది. తెల్లారి 8:30కి కూడా వాకిట్లో లైటు వెలుగుతూనే ఉందని పక్కింటావిడకు అనుమానం వచ్చింది. ఆమె దగ్గర తాళంచెవి ఉంది. కానీ తలుపుకు లోపల గడియ పెట్టి ఉంది. గునపంతో తలుపు తీయగల మనిషిని వెతికి తెచ్చేసరికి మరో 40 నిమిషాలు పోయాయి. మొత్తం ఏడు గంటల పైమాట. పక్కింటావిడ లైటు గమనించకపోతే? కొడుకు ఫోన్ రాత్రి 9కి. అంటే 19 గంటలు.

అంతసేపు గచ్చు మీద పడి ఉంటే ఒంట్లో ఏమవుతుందో ముందు చెబుతాను. తుంటి, భుజం, మడమ నేలకు నొక్కుకుని రక్తం ఆడదు, చర్మం కమిలి పుండ్లు మొదలవుతాయి. ఒళ్ళు చల్లబడుతుంది. నీళ్ళు తాగలేరు. అన్నిటికంటే కంటికి కనబడనిది ఇంకొకటి: నలిగిన కండరాలనుంచి ఒక పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. పాలు కలపని టీ రంగులో మూత్రం రావడం, లేదా బాగా తగ్గిపోవడం దాని గుర్తు. అది కొన్ని గంటల తర్వాత గానీ తెలియదు. అందుకే గంటకు మించి నేల మీద ఉన్న మనిషిని, లేపాక మామూలుగా మాట్లాడుతున్నా సరే, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. "దెబ్బలేం లేవు, పడుకుంటే సర్దుకుంటుంది" అని మంచం మీద పడుకోబెట్టడం ఎక్కువమంది చేసే పొరపాటు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళ తలకు దెబ్బ తగిలితే అసలు ఆగకూడదు, లోపలి రక్తస్రావం మర్నాడు, ఒక్కోసారి కొన్ని వారాలకు కూడా బయటపడుతుంది.

ఇప్పుడు ఆ పెద్దావిడ ఇంట్లో ఏం మార్చాలో చూద్దాం. తలుపుతో మొదలుపెడతాను, ఎందుకంటే పిల్లలు తాళంచెవి పక్కింట్లో ఇచ్చి నిశ్చింతగా ఉంటారు. లోపల గడియ ఉన్నంతకాలం ఆ చెవి దేనికీ పనికిరాదు. వీధి తలుపుకు లోపలా బయటా చెవితో తెరుచుకునే తాళం బిగించి, గడియ వాడటం మానెయ్యాలి. ఇలాంటి కొన్ని తాళాలకు లోపలివైపు చెవి వదిలేస్తే బయటి చెవి తిరగదు. కాబట్టి కొనేటప్పుడే లోపల చెవి పెట్టి బయటినుంచి తెరిచి చూసుకోవాలి. భయమేసి పెద్దావిడ గడియ మానదు అనుకుంటే పెరటి తలుపుకైనా ఈ ఏర్పాటు చేయాలి. స్నానాలగది తలుపు లోపలికి తెరుచుకునేదైతే, గుమ్మానికి అడ్డంగా పడిన మనిషి ఒంటి బరువే తలుపును మూసేస్తుంది. దాన్ని బయటికి తెరుచుకునేలా మార్పించాలి. అంతదాకా గడియ పెట్టుకోకుండా కర్టెను వేసుకున్నా చాలు.

ఇక కబురు. పిల్లలు ఫోన్ చేసినప్పుడు అమ్మ ఎత్తకపోతే "నిద్రపోయిందేమో, పెరట్లో ఉందేమో" అని ఊరుకుంటారు. అందుకని వరస తిరగేయాలి. సూచన పెద్దావిడ దగ్గర్నుంచే రావాలి, అది రాకపోవడమే ప్రమాద సంకేతం. ఉదయం 6:30కి ఒక మిస్డ్ కాల్, రాత్రి 9కి ఒకటి. ఉదయపు కాల్ అందుకునేది పరదేశంలోని కొడుకు కాకూడదు. అప్పటికి అతనికి అర్ధరాత్రి కావచ్చు, ఫోన్ మ్యూట్‌లో ఉండొచ్చు. ఊళ్ళోనో దగ్గర ఊళ్ళోనో ఉన్న మనిషే చూడాలి, కొడుకు రెండో మనిషి. కాల్ రాకపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకోవాలి: పది నిమిషాల తేడాతో రెండుసార్లు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే ఇంటికి వెళ్ళాలి. ఈ మెట్టు లేకపోతే పెద్దావిడ మూడుసార్లు మర్చిపోయేసరికి, ఊరికే పరిగెత్తుకొచ్చి విసిగిన మనిషి నాలుగోసారి కదలడు. ఈ ఏర్పాట్లు ఎక్కువగా చెడేది అక్కడే.

ఇంత చేసినా రాత్రి 2కి పడితే ఉదయం 6:30 దాకా, అంటే నాలుగున్నర గంటలు, ఎవరికీ తెలియదు. ఆ గంటలు తగ్గాలంటే ఫోన్ ఒంటి మీద ఉండాలి. మెడలో వేసుకునే చిన్న సంచి మేలు. బల్ల మీద పెట్టిన ఫోన్ నేల మీద ఉన్న మనిషికి అందదు. స్మార్ట్‌ఫోన్ కంటే పెద్ద మీటలున్న ఫోన్ నయం, ఒక అంకెను నొక్కిపట్టుకుంటే ఫలానా మనిషికి కాల్ వెళ్ళేలా పెట్టొచ్చు. చార్జింగు పగటిపూట, పెద్దావిడ కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు పెట్టాలి.

పక్కింటి మనిషి విషయంలో ఒక మాట. పిల్లలు వెళ్ళిపోయింది ఒక్క ఇంట్లోంచి కాదు. పక్కింట్లోనూ 72 ఏళ్ళ మనిషే ఉండొచ్చు. ఆమె తొంగి చూడగలదు గానీ లేపలేదు. లేపబోతే తనూ నడుము పట్టేసుకుని కూలబడుతుంది. కాబట్టి చూసే మనిషి వేరు, ఎత్తే మనుషులు వేరు అని ముందే పేర్లు అనుకుని ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో గోడకు అంటించాలి.

ఎత్తడం దాకా పోకుండా పెద్దావిడే లేచే పద్ధతి ఉంది. ముందు కదలకుండా ఒక నిమిషం ఉండి ఒళ్ళు చూసుకోవాలి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి, గజ్జల్లో విపరీతమైన నొప్పి ఉంటే తుంటి విరిగినట్టు అనుకోవాలి, లేవబోకూడదు. అలాంటిది లేకపోతే ఒక మోకాలు మడిచి పక్కకు దొర్లాలి, మోచేతి మీద లేచి, చేతులూ మోకాళ్ళ మీదికి రావాలి. కదలని కుర్చీ దాకానో మంచం దాకానో పాకాలి. రెండు చేతులూ దాని మీద ఆనించి, బలంగా ఉన్న కాలి పాదం ముందుకు మోపి, చేతులతో నొక్కిపట్టి లేచి, తిరిగి కూర్చోవాలి. వెంటనే నిలబడకూడదు.

ఇది వింటే వచ్చేది కాదు, సాధన చేయించాలి, అదీ చివరినుంచి మొదటికి. మొదటి వారం కుర్చీ పట్టుకుని ఒక మోకాలు నేలకు ఆనించి లేవడం. అది వచ్చాక చేతులూ మోకాళ్ళ మీది నుంచి, ఆ తర్వాత పక్కకు పడుకున్న స్థితి నుంచి. ఒకేసారి నేల మీద పడుకోబెట్టి లేవమంటే సగంలో భయపడిపోయి మళ్ళీ ప్రయత్నించరు. పక్కన మనిషి ఉండాలి, మోకాళ్ళ కింద మెత్తటి దుప్పటి ఉండాలి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు ఫిజియోథెరపిస్టును అడిగే చేయాలి. లేవడం కుదరని మనిషి తడి మీద నుంచి పక్కకు జరిగి, అందిన గుడ్డ కప్పుకుని, అరగంటకోసారి పక్క మార్చుకుంటూ, పాదాలు ఆడిస్తూ ఉండాలి.

అసలు ఆవిడ ఎందుకు పడిందో తేల్చుకోకపోతే మళ్ళీ పడుతుంది. బీపీ మిషన్ ఇంట్లో ఉంటే అయిదు నిమిషాలు పడుకోబెట్టి చూడాలి, తర్వాత నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడాలి. పడుకున్నప్పుడు 148/84, నిలబడగానే 122/76 వచ్చిందనుకోండి. పై అంకె 26 పడిపోయింది. పై అంకె 20 లేదా కింది అంకె 10 తగ్గితే, లేచినప్పుడు మెదడుకు రక్తం చాలక కళ్ళు తిరుగుతాయని అర్థం. మామూలుగా కూర్చోబెట్టి చూసే బీపీలో ఇది దొరకదు. బీపీ మాత్రలు, ప్రోస్టేటు మాత్రలు, నీళ్ళు తక్కువ తాగడం దీనికి కారణాలు. నిద్రమాత్ర తూలుడు తోడు తెస్తుంది. మందులు సొంతంగా ఆపకూడదు. ఈ అంకెలు కాగితం మీద రాసి డాక్టరుకు చూపిస్తే మోతాదో వేసుకునే వేళో మారుస్తారు.

ఒకసారి పడిన సంగతి పెద్దవాళ్ళు పిల్లలకు చెప్పరు. చెబితే ఇల్లు వదిలి రమ్మంటారని భయం. "పడ్డావా అమ్మా?" అని అడిగితే లేదనే అంటుంది. "నిన్న వీధి చివరిదాకా వెళ్ళావా? మేడ మీదికి ఎక్కావా? రాత్రి ఎన్నిసార్లు లేచావు?" అని అడిగితే దేన్ని మానేసిందో తెలుస్తుంది. వీడియో కాల్లో ఇంకొకటి చూడొచ్చు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, అయిదుసార్లు లేచి కూర్చోమనండి. పక్కన ఎవరో ఒకరు నిలబడి ఉండాలి. 15 సెకన్లు దాటితే కాళ్ళలో బలం తగ్గిందన్నమాట. నెలకోసారి చూసి తారీఖుతో రాసుకోండి. పోయిన నెల 13, ఈ నెల 17 వచ్చిందంటే, ఆవిడ ఏమీ చెప్పకపోయినా, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే మనిషిని ఊళ్ళో మాట్లాడిపెట్టుకోండి.

నమస్కారం.