అమెరికా కాలేజీ టెన్నిస్ స్కాలర్‌షిప్: ట్రయల్స్ లేని సెలక్షన్ ఎలా జరుగుతుంది?

[తెర మీద: ఖాళీ టెన్నిస్ కోర్టు. వెనక నుంచి గొంతు.]

"ట్రయల్స్ ఎప్పుడండీ?" తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఇదే. మన దగ్గర స్పోర్ట్స్ స్కూల్‌కైనా, యూనివర్సిటీ జట్టుకైనా ఒక తేదీ చెబుతారు. సర్టిఫికెట్లు పట్టుకుని గ్రౌండ్‌కి వెళ్తాం, ఆ రోజు ఆడినదాన్ని బట్టి సెలక్షన్ ఉంటుంది. అమెరికా కాలేజీ క్రీడల్లో మూడు డివిజన్లుంటాయి, పై స్థాయి డివిజన్ 1. ఆ స్థాయి టెన్నిస్‌కి అలాంటి రోజే లేదు. స్కూల్ వయసు ఆటగాళ్లను క్యాంపస్‌కి పిలిచి కోర్టులో పరీక్షించడానికి అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనలు మామూలుగా ఒప్పుకోవు. డివిజన్ 2లో పరిమితంగా ఒప్పుకుంటాయి. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్పే ఉండదు.

అంటే గత ఏడాది మీరు ఆడిన ప్రతి మ్యాచూ ట్రయలే.

ముందే ఒక మాట. బ్యాడ్మింటన్, క్రికెట్, కబడ్డీ ఆడేవాళ్లకి ఈ దారి లేదు, ఎన్‌సీఏఏ పోటీల్లో ఆ ఆటలు లేవు. టెన్నిస్, అథ్లెటిక్స్, స్విమ్మింగ్, గోల్ఫ్ ఉన్నాయి. మన సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడాడు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008లో వరసగా ఎన్‌సీఏఏ సింగిల్స్ టైటిల్ గెలిచాడు. ఈ వీడియోలో టెన్నిస్ గురించే చెప్పుకుందాం. విజయవాడలో ఇప్పుడే పదో తరగతి పరీక్షలు రాసిన అమ్మాయి ఒకరున్నారనుకోండి, ఆమెనే ఉదాహరణగా తీసుకుందాం.

[తెర మీద: ఇంటర్ గ్రూపుల పేర్లు. ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ.]

ఆమె తీసుకోవాల్సిన మొదటి పెద్ద నిర్ణయం కోర్టు బయట ఉంది. అది ఇంటర్ గ్రూపు.

డివిజన్ 1 అర్హతకి తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగేళ్లలో 16 కోర్ సబ్జెక్టులు చూపించాలి. ఒక సబ్జెక్టు ఒక ఏడాది చదివితే ఒకటిగా లెక్క. అందులో ఇంగ్లిష్ నాలుగు, లెక్కలు మూడు, సైన్స్ రెండు, సోషల్ రెండు తప్పనిసరి. మిగతావి వీటిలోంచో, భాషల్లోంచో రావచ్చు. ఈ సబ్జెక్టుల సగటు వాళ్ల 4 పాయింట్ల స్కేలు మీద కనీసం 2.3 ఉండాలి.

మన చదువుకి ఇది అన్వయించి చూద్దాం. తొమ్మిది, పది తరగతుల్లో ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్, సోషల్ అన్నీ రెండేసి వచ్చేస్తాయి. ఇంటర్‌లో ఇంగ్లిష్ ఎలాగూ ఉంటుంది, నాలుగు పూర్తవుతాయి. ఆమె ఎంపీసీ తీసుకుంటే లెక్కలు నాలుగు, సైన్స్‌కి కొదవే లేదు, సోషల్ తొమ్మిది, పదిలోనే అయిపోయింది. బైపీసీ తీసుకుంటే? లెక్కలు రెండు దగ్గరే ఆగిపోతాయి, కావాల్సింది మూడు. సీఈసీలోనూ అంతే. పన్నెండో తరగతి అయ్యాక ఈ లోటు బయటపడితే పూడ్చుకోవడానికి సమయం ఉండదు. డాక్టర్ చదవాలన్న ఆలోచన ఉన్నా సరే, గ్రూపు ఖాయం చేసుకునే ముందు ఈ లెక్క వేసుకోండి.

ప్రాక్టీస్‌కి టైమ్ దొరకదని కొందరు ఓపెన్ స్కూల్‌కి మారిపోతారు. టీచర్ క్రమం తప్పకుండా పాఠం చెప్పి, ప్రశ్నలకి జవాబిచ్చే ఏర్పాటు లేని కోర్సుల్ని ఎన్‌సీఏఏ కోర్ సబ్జెక్టులుగా తీసుకోకపోవచ్చు. మారకముందే, అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌ని రాతపూర్వకంగా అడగండి.

[తెర మీద: eligibilitycenter.org]

ఖాతా తెరవాల్సింది ఈ సైట్లోనే. ఇక్కడ మనవాళ్లకి ఎక్కువగా అడ్డం పడేది తొమ్మిదో తరగతి రికార్డు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో అందరూ జాగ్రత్తగా దాస్తారు. తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డు ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. స్కూల్ వదిలే ముందే హెడ్‌మాస్టర్ సంతకం, స్కూల్ ముద్రతో ఆ మార్కుల జాబితా తీసుకోండి. తెలుగులో ఉన్న పత్రాలకి ధ్రువీకరించిన ఇంగ్లిష్ అనువాదం కావాలి. ఎస్ఏటీ స్కోరు ఎన్‌సీఏఏకి 2023 నుంచి అక్కర్లేదు. యూనివర్సిటీ అడగొచ్చు, అది వేరే.

[తెర మీద: యూటీఆర్ ప్రొఫైల్ పేజీ నమూనా.]

ఇప్పుడు కోచ్‌లు ఏం చూస్తారో చూద్దాం. ముందు చూసేది యూటీఆర్. ఇది 1 నుంచి 16.5 వరకు ఉండే రేటింగ్. గత 12 నెలల్లో ఆడిన మ్యాచ్‌లలో చివరి 30 వరకు లెక్కలోకి తీసుకుంటారు. గెలిచారా ఓడారా అన్న దానికంటే ఎవరి మీద ఎన్ని గేమ్‌లు తీసుకున్నారన్నదే ఇందులో ముఖ్యం. మీకంటే బాగా పైన ఉన్న అమ్మాయి మీద 4-6, 4-6తో ఓడినా రేటింగ్ పెరగొచ్చు. బాగా కింద ఉన్న అమ్మాయి మీద 7-6, 7-5తో కష్టపడి గెలిస్తే తగ్గొచ్చు. అందుకే సులువైన టోర్నీలు వెతుక్కుని కప్పులు పోగేసుకుంటే కోచ్ దగ్గర ఆ కప్పులకి విలువ రాదు.

మరి ఎంత రేటింగ్ కావాలి? దీనికి ఒకే అంకె లేదు. మీకు నచ్చిన యూనివర్సిటీ జట్టు పేజీ తెరిచి ఆటగాళ్ల పేర్లు తీసుకోండి. కాలేజీ టెన్నిస్‌లో జట్టుకి జట్టుకి మధ్య జరిగే పోటీలో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్ మ్యాచ్‌లు ఉంటాయి. ఆ జట్టులో ఐదు, ఆరు స్థానాల్లో ఆడేవాళ్ల యూటీఆర్ ఎంతో చూడండి. మీది దానికి దగ్గర్లో ఉంటే ఉత్తరం రాయండి. చాలా కింద ఉంటే ఆ జట్టుని వదిలి ఇంకొకటి చూడండి. వాళ్లలో ఈ ఏడాది డిగ్రీ పూర్తి చేసి వెళ్లిపోయేవాళ్లు ఎందరో కూడా చూడాలి, ఖాళీ అయ్యేవి ఆ స్థానాలే. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఎన్‌సీఏఏ ఒప్పందం తర్వాత, అందులో చేరిన యూనివర్సిటీల్లో టెన్నిస్ జట్టుకి పదిమందే గరిష్ఠం. కాబట్టి "ముందు జట్టులో చేరి తర్వాత చూద్దాం" అనుకోవడానికి పెద్దగా చోటు లేదు.

ఉత్తరం పొట్టిగా ఉండాలి. పన్నెండు పూర్తయ్యే ఏడాది, యూటీఆర్, మార్కులు, వచ్చే మూడు నెలల్లో ఆడబోయే టోర్నీలు, వీడియో లింకు. వీడియోలో పాటలు, స్లో మోషన్ వద్దు. బేస్‌లైన్ వెనక కాస్త ఎత్తులో కెమెరా పెట్టి నిజమైన మ్యాచ్ తీయండి. పాయింట్ల మధ్య ఖాళీ కత్తిరించి, స్కోరు కనపడేలా పది పదిహేను నిమిషాలు చాలు. ఓడిన పాయింట్లు తీసేయకండి. తప్పు కొట్టాక మీరు తర్వాతి పాయింట్ ఎలా ఆడారో కోచ్ చూడాలి.

జవాబు రాకపోతే కుంగిపోవద్దు. పదో తరగతి అయ్యాక వచ్చే జూన్ 15 వరకు డివిజన్ 1 టెన్నిస్ కోచ్‌లు మీతో సొంతంగా మాట్లాడకూడదు. అంతకుముందు వచ్చే మౌనానికి కారణం ఆ నిబంధనే కావచ్చు. ఆ తర్వాత కూడా మూడు ఉత్తరాలకి పలుకు లేకపోతే, ఆ జట్టు మీది కాదని అర్థం.

ఇక్కడ ఏజెంట్ల సంగతి గట్టిగా చెప్పాలి. "ఫీజు ఇప్పుడొద్దు, వచ్చిన స్కాలర్‌షిప్‌లో ఇంత శాతం ఇవ్వండి" అంటే ఒప్పుకోకండి. స్కాలర్‌షిప్ మొత్తాన్ని బట్టి ఫీజు ఇవ్వడం ఎన్‌సీఏఏ నిబంధనలకి విరుద్ధం, అమ్మాయి అర్హతే పోవచ్చు. ముందే ఖరారు చేసుకున్న ఒకే ఫీజు అయితే పరవాలేదు.

ఇంకో ప్రమాదం డ్రాప్ ఇయర్. ఎంట్రెన్స్‌కి లాంగ్ టర్మ్ తీసుకున్నట్టే, ఇంటర్ అయ్యాక ఒక ఏడాది ఆగి ఐటీఎఫ్ టోర్నీలు ఆడి రేటింగ్ పెంచుకుందామనిపిస్తుంది. టెన్నిస్‌కి చాలాకాలంగా ఉన్న గడువు పన్నెండు పూర్తయ్యాక ఆరు నెలలే. అది దాటి పోటీల్లో ఆడుతూ ఉంటే, కాలేజీకి ఆడగలిగే నాలుగు సీజన్లలో ఒకటి పోవడమే కాక చేరిన మొదటి ఏడాది బెంచీ మీదే కూర్చోవాల్సి వస్తుంది. వయసు, ప్రైజ్ మనీ నిబంధనలు ఇప్పుడు సవరణల్లో ఉన్నాయి కాబట్టి మీరు చేరే ఏడాదికి వర్తించేవి చదువుకోండి. ప్రైజ్ మనీ తీసుకుంటే ప్రయాణం, హోటల్, ఎంట్రీ ఫీజు రసీదులన్నీ టోర్నీవారీగా దాచండి.

[తెర మీద: రెండు ఆఫర్లు పక్కపక్కన.]

ఆఫర్ వచ్చింది. "60 శాతం" అన్నారు. దేనిలో 60 శాతం? ట్యూషన్ 34,000 డాలర్లు, గది, భోజనం 14,000, పుస్తకాలు, బీమా 4,000, మొత్తం 52,000 అనుకుందాం. ట్యూషన్‌లో 60 శాతమైతే వచ్చేది 20,400. ఇంటి నుంచి కట్టాల్సింది ఏడాదికి 31,600. మొత్తం ఖర్చులో 60 శాతమైతే కట్టాల్సింది 20,800. ఒకే మాట, తేడా 10,800 డాలర్లు. విద్యార్థి వీసాకి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం రావాలంటే ఆ మిగిలిన సొమ్ము బ్యాంకులో చూపించాలి. పైగా గదికి, భోజనానికి ఇచ్చే స్కాలర్‌షిప్ మీద ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకి 14 శాతం పన్ను పడుతుంది. ఒప్పందం ఒక ఏడాదికా, నాలుగేళ్లకా, గాయమైతే కొనసాగుతుందా అన్నవి కాగితం మీద అడగండి. ఫోన్లో ఇచ్చిన మాటకి విలువ లేదు.

[తెర మీద: వారం టైమ్‌టేబుల్.]

చేరాక చదువు సంగతి. సీజన్‌లో కోచ్ పెట్టే శిక్షణ రోజుకి నాలుగు గంటలు, వారానికి 20 గంటలు మించకూడదు, వారంలో ఒక రోజు సెలవు. మ్యాచ్ రోజు ఎంతసేపు ఆడినా మూడు గంటలుగానే లెక్క. బస్సు ప్రయాణం, ఫిజియో, సొంతంగా చేసే ప్రాక్టీస్ ఇందులోకి రావు. కాబట్టి అసలు వారం 20 గంటల కంటే చాలా పెద్దదే.

జట్ల మధ్య పోటీలు జనవరి నుంచి ఏప్రిల్ వరకు నడుస్తాయి, వారాంతాల్లో ప్రయాణాలు. ల్యాబ్ ఉన్న బరువైన కోర్సులు ఆగస్టు సెమిస్టర్‌కి, కొన్ని వేసవికి పెట్టుకోవడం మేలు. కోర్సు ఎంచుకునే ముందే మధ్యాహ్నం ల్యాబ్ ప్రాక్టీస్ సమయంలో పడుతుందేమో చూడాలి, ఇంజినీరింగ్‌లో ఇదే పెద్ద తలనొప్పి. ప్రయాణాల తేదీల పత్రం సెమిస్టర్ మొదటి వారంలోనే ప్రొఫెసర్‌కి ఇస్తే పరీక్ష తేదీ మార్చమని అడగడం తేలిక.

కష్టంగా ఉన్న కోర్సు వదిలేద్దామనిపించినప్పుడు ఒక్క అంకె గుర్తుంచుకోండి: 12 క్రెడిట్లు. సెమిస్టర్‌లో దానికంటే తగ్గితే ఆడే అర్హతా, ఎఫ్-1 హోదా రెండూ ఒకేసారి ఇరకాటంలో పడతాయి. ఆ 12లో పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. వదలాల్సి వస్తే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుని, తర్వాత జట్టు అకడమిక్ అడ్వైజర్‌ని కలవాలి, ఆ తర్వాతే క్లిక్ చేయాలి.

మేజర్, అంటే డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు, మార్చడంలో ఇంకో చిక్కు ఉంది. మొదటి ఏడాది 24 క్రెడిట్లు పూర్తి చేయాలి. రెండో ఏడాది చివరికి డిగ్రీలో 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తవ్వాలి. 128 క్రెడిట్ల ఇంజినీరింగ్‌లో 40 శాతమంటే 52. మన అమ్మాయి బిజినెస్‌లో 54 క్రెడిట్లు చేసి, రెండో ఏడాది చివర్లో ఇంజినీరింగ్‌కి మారిందనుకోండి. వాటిలో కొత్త డిగ్రీకి పనికొచ్చేవి 38 అయితే ఆమె లెక్క 38 మాత్రమే. మార్కులు ఎంత బాగున్నా ఆగస్టులో కోర్టులోకి దిగలేదు. మారాలనుకుంటే మొదటి ఏడాది లోపే మారాలి, మిగిలిన లోటు వేసవి క్లాసుల్లో పూడ్చుకోవాలి. ఆ వేసవి క్లాసుల ఫీజు స్కాలర్‌షిప్‌లోకి వస్తుందా అన్నది కూడా మొదటి ఒప్పందంలోనే రాయించుకోండి.