ఆలోచించుకునే ఆ రెండు క్షణాలు

శ్రోతలకు నమస్కారం.

విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసే పిల్లలు హైదరాబాద్‌లో ఏటా ఎంతోమంది. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో శిక్షణకు వెళ్లిన చాలామంది పుస్తకాల్లో ఒక కాగితం కనిపిస్తుంది. సమాధానం వెంటనే తోచకపోతే సమయం సంపాదించుకోవడానికి వాడవలసిన ఇంగ్లీషు వాక్యాలు దాని మీద వరుసగా ఉంటాయి. మొదటి వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘దట్స్ ఎ వెరీ ఇంటరెస్టింగ్ క్వశ్చన్.’ ఆ కాగితం ఎందుకు పని చేయదో, దాని బదులు ఏది పని చేస్తుందో ఈ రోజు చెప్పాలనుకుంటున్నాను. పరీక్షతో పని లేనివారికి కూడా ఇది ఉపయోగపడుతుంది. ఉద్యోగపు ఇంటర్వ్యూలోనైనా సభలోనైనా తడబాటు తడబాటే కదా.

ముందుగా ఒక మాట. మాట్లాడేటప్పుడు ఆగడం లోపం కాదు. 2009లో కొందరు పరిశోధకులు పది భాషల్లో సంభాషణలను కొలిచారు. ఒకరు ప్రశ్న ముగించాక మరొకరు జవాబు మొదలుపెట్టడానికి పట్టే వ్యవధి సగటున సెకనులో ఐదో వంతు, అంటే సుమారు 200 మిల్లీసెకన్లు అని తేలింది. భాషల మధ్య తేడాలు ఉన్నా అవి స్వల్పమే. అయితే ఒక బొమ్మను చూసి దాని పేరు పలకడానికే మనిషికి అర సెకను పైగా పడుతుంది. కాబట్టి ఎదుటివారి మాట పూర్తి కాకముందే మనం జవాబు కూర్చుకోవడం మొదలుపెడతాం. అలా కూర్చుకోవడానికి వీల్లేనంత కొత్త ప్రశ్న వస్తే ఆలస్యం అవుతుంది. ఆ ఆలస్యాన్ని మనిషి మౌనంగా వదిలేయడు, ‘ఇదిగో చెబుతున్నాను, ఆగండి’ అనే సంకేతంతో నింపుతాడు. ఇంగ్లీషువారి ‘అ’, ‘అమ్’ అనే చప్పుళ్లు కూడా అలాంటి సంకేతాలే. క్లార్క్, ఫాక్స్ ట్రీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2002లో వీటిని పరిశీలించారు. ‘అ’ తరువాత ఆలస్యం చిన్నదిగా, ‘అమ్’ తరువాత కొంచెం పెద్దదిగా ఉంటుందని వారు గమనించారు. అంటే వినేవారికి ఆ చప్పుడులోనే ఒక సమాచారం అందుతోంది.

ఇప్పుడు పరీక్ష దగ్గరకు వద్దాం. మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది, మూడు భాగాలు. మార్కులు వేసే నాలుగు అంశాల్లో మొదటిది ధారాళత, పొందిక. అత్యున్నతమైన 9వ బ్యాండ్‌కు ఆగకుండా మాట్లాడాలని ఎక్కడా లేదు. తరువాత చెప్పబోయే విషయాన్ని కూర్చుకోవడానికి ఆగవచ్చు. పదం కోసమో వ్యాకరణం కోసమో వెతుక్కుంటూ ఆగకూడదు. తేడా అదే. ఏం చెప్పాలా అని ఆగేవాడు ఒకరు, ఎలా చెప్పాలా అని ఆగేవాడు మరొకరు. వినేవారి చెవికి ఈ ఇద్దరూ వేరువేరుగా వినబడతారు.

ఎలా వినబడతారు? ఆగిన చోటును బట్టి. విషయం కోసం ఆగేవాడు ఒక భావం ముగిసి ఇంకొకటి మొదలయ్యే అంచున ఆగుతాడు. మాట కోసం ఆగేవాడు భావం మధ్యలో, నామవాచకానికి ముందు వచ్చే ‘ది’ దగ్గరో ‘టు’ దగ్గరో ఆగిపోతాడు. ఇక కంఠస్థం చేసిన వాక్యం విషయానికి వస్తే, వేగమే దాని గుట్టు రట్టు చేస్తుంది. ‘దట్స్ ఎ వెరీ ఇంటరెస్టింగ్ క్వశ్చన్, ఐ హావ్ నెవర్ థాట్ అబౌట్ ఇట్’ అని ఒక్క ఊపిరిలో, ఎగుడుదిగుడు లేకుండా దొర్లిపోతుంది. తరువాత రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం. ఆ తరువాత వచ్చే ఇంగ్లీషు అంతకుముందు దానికంటే నెమ్మదిగా, తప్పులతో ఉంటుంది. పైగా అదే వాక్యం ‘మీరు ఎక్కడ ఉంటారు?’ అనే ప్రశ్నకు కూడా వస్తుంది. తన ఇల్లు ఎక్కడో చెప్పడానికి ఎవరికైనా అంత ఆలోచన ఎందుకు?

మరి సహజంగా ఎలా ఆగాలి? మన చేతిలో ఉన్నదాన్నే వదిలేసి కాగితం పట్టుకుంటున్నామని నా అభిప్రాయం. తెలుగులో కాలయాపన చేయడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. నా దగ్గరకు వచ్చే ఒక అమ్మాయి ఉదాహరణ చెబుతాను. మలక్‌పేటలో ఉంటుంది, ఫార్మసీ చదివింది. ఒకరోజు ఆమెను మూడో భాగంలో వచ్చే తరహా ప్రశ్న ఒకటి ఇంగ్లీషులో అడిగాను: నగరాల్లో ఇరుగుపొరుగు సంబంధాలు తగ్గిపోయాయా? ఆమె కాగితంలోని వాక్యం అప్పజెప్పి ఆగిపోయింది. అప్పుడు తెలుగులో అడిగాను, ‘అమ్మా, ఇదే ప్రశ్న మీ అత్తయ్య వేస్తే ఏమంటావు?’

ఆమె క్షణం కూడా తీసుకోలేదు. ‘తగ్గాయా అంటే... మరీ అలా అనలేం అత్తయ్యా. మా పాత వీధిలో అయితే ఇప్పటికీ ఎవరింట్లో ఏం వండారో అందరికీ తెలుస్తుంది. అదే కొండాపూర్‌లో మా అక్క ఉండే అపార్ట్‌మెంట్ అనుకోండి, పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో కూడా తెలియదు.’

అందులో ఆమె ఏం చేసిందో నిదానంగా చూద్దాం. ‘తగ్గాయా అంటే’ అని ప్రశ్నలోని క్రియను తిరిగి పలికింది. ప్రశ్న అర్థమైందని చెప్పినట్టయింది, ఒక సెకను దక్కింది. ‘మరీ అలా అనలేం’ అని తన అభిప్రాయం ఎంత గట్టిదో కొలిచి చెప్పింది. ఇంకో సెకను. ‘మా పాత వీధిలో అయితే’ అని ఊరంత ప్రశ్నను ఒక వీధికి కుదించింది. ఇక చెప్పడానికి ఎదురుగా విషయం ఉంది. ఈ మూడింటిలో ఏదీ ఖాళీ మాట కాదు. మూడూ ఆ ప్రశ్న లోంచే పుట్టాయి, మరో ప్రశ్నకు అతకవు. కాగితంలోని వాక్యం ఏ ప్రశ్నకైనా అతుకుతుంది. వినేవారికి అనుమానం వచ్చేది అందుకే.

ఇదే మూడు అడుగులూ ఇంగ్లీషులో వేయమన్నాను. ‘హావ్ దే బికమ్ వీకర్... వెల్, ఐ వుడ్‌న్ట్ సే దట్ అబౌట్ ఎవ్రీ ఏరియా. ఇన్ అవర్ ఓల్డ్ స్ట్రీట్, ఫర్ ఇన్‌స్టెన్స్...’ అంటూ మొదలుపెట్టింది. పెద్ద పదాలు ఏవీ లేవు. ఆగిన రెండు చోట్లూ భావాల అంచుల్లోనే ఉన్నాయి. తరువాత వాక్యంలో ఒక చిన్న వ్యాకరణ దోషం దొర్లింది, అది ఆమే సరిదిద్దుకుంది. వింటున్నంతసేపూ ఒక మనిషి ఆలోచిస్తూ మాట్లాడుతున్నట్టే ఉంది. నాకు కావలసింది అదే.

అయితే తెలుగు అలవాటు మొత్తం ఇంగ్లీషులోకి దిగదు. రెండు చోట్ల జాగ్రత్త పడాలి. ఒకటి, తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. ‘మా వీధిలో, ఆ పాత ఇళ్లలో ఉండేవాళ్లు, పండగలప్పుడు...’ అంటూ ముక్కముక్కకూ ఆగుతూ, ఏం జరుగుతుందో చివరిదాకా తేల్చకుండా సాగదీయవచ్చు. ఇంగ్లీషులో కర్త వెంటనే క్రియ కావాలి. కర్తను పలికాక ఆలోచన మొదలుపెడితే అక్కడే ఇరుక్కుపోతారు. కాబట్టి ఆగదలచుకుంటే కర్తను పలకకముందే ఆగాలి.

రెండోది, అచ్చు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ‘నేనూ... నిన్నా...’ అని చివరి అచ్చును లాగి సమయం తీసుకుంటాం. ఆ అలవాటుతో ఇంగ్లీషులో హల్లుతో ముగిసే మాటకు లేని అచ్చును తగిలిస్తాం: ‘బట్టూ...’, ‘ఈజూ...’ అని. ఉచ్చారణకు మార్కులు వేరుగా ఉన్నాయి, అక్కడ దెబ్బ తగులుతుంది. సాగడానికి వీలున్న మాట దగ్గర సాగదీయండి. ‘సో’లో అచ్చు సాగుతుంది, ‘వెల్’లో లకారం సాగుతుంది. ‘బట్’ అన్నారా, ‘ట్’ దగ్గర నోరు మూసి మౌనంగా ఆగండి. ఒక సెకను మౌనం ఎవరికీ ఇబ్బంది కాదు. మన ‘అంటే’కు బదులుగా ‘మీన్స్’ అని వాక్యం మొదలుపెట్టే పొరపాటు కూడా ఇక్కడ తరచుగా వినిపిస్తుంది. దాని స్థానంలో ‘ఐ మీన్’ అంటే చాలు, అది కూడా చెప్పినదాన్ని సవరించుకునేటప్పుడు మాత్రమే.

సాధనకు ఫోను ఒక్కటి ఉంటే సరిపోతుంది. ఒక ప్రశ్న తీసుకుని మొదట తెలుగులో జవాబు చెప్పి రికార్డు చేయండి. వెంటనే అదే ప్రశ్నకు ఇంగ్లీషులో చెప్పండి. రెండూ వింటూ ఆగిన ప్రతిచోటా కాగితం మీద ఒక గీత గీయండి. తెలుగులో గీతలు భావాల మధ్య పడతాయి, ఇంగ్లీషులో మాటల మధ్య పడతాయి. ఆ ఇంగ్లీషు గీతల ముందున్న మాటలను చూడండి. అక్కడ వెతుక్కున్న పదం దొరకకపోతే దాన్ని చుట్టుతిరిగి చెప్పడం నేర్చుకోవాలి. ‘స్టెతస్కోప్’ అనే మాట గుర్తు రాకపోతే, ‘డాక్టరు గుండె వినే పరికరం’ అన్నట్టుగా. ఆ కొరతను ఏ పూరకపు మాటా తీర్చదు, ‘యు నో’ అని పదిసార్లు అన్నా సరే. రికార్డులో ఒకే మాట ప్రతి వాక్యంలోనూ వినిపిస్తే, అది ఆలోచనకు కాక భయానికి గుర్తని తెలుసుకోండి.

రెండో భాగం సంగతి వేరు. అక్కడ ఒక అంశం ఇచ్చి, సిద్ధం కావడానికి ఒక నిమిషం, రాసుకోవడానికి కాగితం, పెన్సిల్ ఇస్తారు. తరువాత ఒకటి రెండు నిమిషాలు మీరే మాట్లాడాలి. ఎదురు ప్రశ్న లేదు కనుక క్రియను తిరిగి పలికే పద్ధతి కుదరదు. అక్కడ ఆగవలసి వస్తే రాసుకున్న ముక్కను చూసి కొత్త భావం మొదలుపెట్టండి, లేదా చెబుతున్న మనిషి గురించో చోటు గురించో ఇంకో వివరం జోడించండి.

ప్రశ్న నిజంగా అర్థం కాకపోతే మాత్రం ఏ పూరకమూ వెతకకండి, మళ్లీ అడగమని అడగండి. మొదటి భాగంలో ప్రశ్నను తిరిగి చదువుతారు. మూడో భాగంలో మరో రకంగా కూడా అడగగలరు. ఒకటి రెండుసార్లు అలా అడగడం మామూలే. సమయం కోసమే ప్రతి ప్రశ్ననూ మళ్లీ అడగమంటే మాత్రం, వినడంలోనే ఇబ్బంది ఉందని ఎదుటివారు అనుకుంటారు.

నమస్కారం.